పోటీ వ్యూహాలు – 3వ పాఠం: రెంటికీ చెడ్డ రేవడి

కిందటి పాఠంలో మైకేల్ పోర్టర్ 1980లో చెప్పిన మూడు దారుల పేర్లు చూశాం: అందరికంటే తక్కువ ఖర్చుతో నడపడం, ప్రత్యేకత చూపి ఎక్కువ ధర రాబట్టడం, ఒక చిన్న మార్కెట్‌కే కట్టుబడి ఉండటం. చివరిదాన్ని ఫోకస్ అంటారు. ఈసారి వాటిని మన విమానయాన సంస్థల మీద పెట్టి లెక్క వేద్దాం. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి.

మొదట ఒక అపోహ తీసేయాలి. తక్కువ ఖర్చు వ్యూహం అంటే టికెట్ చవగ్గా అమ్మడం కాదు. ధర ఎవరైనా ఒక్క రాత్రిలో తగ్గించగలరు, ఖర్చు తగ్గించడానికే ఏళ్లు పడుతుంది. 2006 ఆగస్టులో ఎగరడం మొదలుపెట్టిన ఇండిగో పదేళ్లకు పైగా ఒక్క ఎయిర్‌బస్ ఎ320 రకంతోనే నడిచింది. పైలట్ శిక్షణ, మెకానిక్ నైపుణ్యం, విడిభాగాలు అన్నీ ఒకే రకానికి. అప్పట్లో 180 సీట్లు, బిజినెస్ క్లాస్ లేదు, భోజనం కావాలంటే కొనుక్కోవాలి. దిగిన విమానాన్ని అరగంటలో మళ్లీ లేపడం కూడా ఈ పద్ధతిలో భాగమే. ఆ పని ఎదుటివాడికి 55 నిమిషాలు పడితే, రోజుకు ఐదుసార్లు ఆగే విమానం మీద రెండు గంటలు మిగులుతాయి. అంటే అదే విమానంతో ఇంకో సర్వీసు.

ఇప్పుడు లెక్క. అంకెలు పాఠం కోసం వేసుకున్నవే. ఒక సర్వీసు నడపడానికి ఇంధనం, అద్దె, జీతాలు కలిపి 5,40,000 రూపాయలు అనుకోండి. 180 సీట్ల విమానంలో సీటుకు 3,000 పడుతుంది. రెండో సంస్థ అదే విమానంలో 20 బిజినెస్, 115 ఎకానమీ సీట్లు పెట్టి, భోజనానికీ లాంజ్‌కీ మనిషికి 500 ఖర్చు పెడుతుంది. నిండితే మొత్తం ఖర్చు 6,07,500. బిజినెస్ టికెట్ 10,000 చొప్పున 20 అమ్ముడైతే 2,00,000 వస్తాయి. మిగతా 4,07,500 ఎకానమీ వాళ్ల నుంచి రావాలి, అంటే తలకు సుమారు 3,540. పక్క కౌంటర్లో 3,000 ఉన్నా, మంచి భోజనానికీ సమయపాలనకూ 540 ఎక్కువ ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ప్రత్యేకత వ్యూహం పనిచేస్తుంది.

బిజినెస్‌లో పది సీట్లే నిండాయనుకోండి. ఖర్చు 6,02,500కు మాత్రమే తగ్గుతుంది, ఎకానమీ టికెట్ దాదాపు 4,370 ఉండాలి. ప్రయాణికులు మొహం చాటేస్తారు. భయపడి 3,000కే అమ్మితే సర్వీసుకు 1,57,500 నష్టం. ఖర్చేమో ఖరీదైన సంస్థది, ధరేమో చవక సంస్థది. పోర్టర్ మధ్యలో ఇరుక్కోవడం అన్నది దీన్నే.

కింగ్‌ఫిషర్ కథను ఈ కాగితం పక్కన పెట్టి చదవండి. 2005లో ఖరీదైన సేవతో మొదలైంది. 2007లో చవక టికెట్ల ఎయిర్ డెక్కన్‌లో వాటా కొని, తర్వాత దాన్ని కింగ్‌ఫిషర్ రెడ్ చేసింది. పేరు కలవడంతో రెండు వైపులా దెబ్బ. ఎక్కువ ఇచ్చేవాడికి అదే పేరుతో చవక టికెట్ కనిపించింది. చవక విభాగానికేమో ఇండిగో మాదిరి ఒకే రకం విమానాల పొదుపు లేదు, చిన్న ఏటీఆర్ విమానాలూ ఎయిర్‌బస్‌లూ రెండూ ఉన్నాయి. 2011లో రెడ్ మూసేస్తామన్నారు. 2012 అక్టోబర్‌లో మొత్తం సంస్థే ఆగింది. ఇంధన ధరలు, అప్పులు కూడా కారణాలే. కానీ అవే ఇంధన ధరలు ఇండిగోకూ ఉన్నాయి.

ఫోకస్‌కు ఉదాహరణ మన హైదరాబాద్‌దే. ట్రూజెట్ 2015లో ఏటీఆర్ 72లతో మొదలై కడప లాంటి ఊళ్లకు నడిచింది. పెద్ద విమానం నిండని చోట 70 సీట్లదే సరైన కొలత. ఈ దారిలో ప్రమాదం ఏమిటంటే, ఆ మూలలో డబ్బుందని తెలిస్తే పెద్దవాడు కూడా వస్తాడు. 2017 డిసెంబర్‌లో ఇండిగో తన ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టింది హైదరాబాద్ నుంచే.

మీ వ్యాపారం ఇరుక్కుందో లేదో తెలియడానికి రెండు అంకెలు చాలు: మీ యూనిట్ ఖర్చు, చవక పోటీదారు అమ్మే ధర. మొదటిది ఎక్కువై, ఆ తేడాను కొనేవాడు సంతోషంగా ఇవ్వకుండా ప్రతిసారీ డిస్కౌంట్ అడుగుతుంటే ఇరుక్కున్నట్టే. ఒక్క నెల చూసి తేల్చకండి, పండగ సీజన్ అందరినీ లాభాల్లో చూపిస్తుంది. కనీసం నాలుగు త్రైమాసికాలు చూడండి.

అభ్యాసం: 2024 నవంబర్‌లో ఇండిగో ఢిల్లీ–ముంబై దారిలో 12 బిజినెస్ సీట్లు పెట్టింది. పై లెక్కలో 20 బదులు 12 వేయండి, ఒక్కో బిజినెస్ సీటు రెండు ఎకానమీ సీట్ల చోటు తింటుందనుకుని మొత్తం సీట్లు తిరిగి లెక్కకట్టండి. బిజినెస్ సీట్లన్నీ నిండితే ఎకానమీ టికెట్ ఎంత ఉండాలో, అది 3,000 దగ్గర నిలుస్తుందో లేదో కనుక్కోండి. జవాబుతో 4వ పాఠం మొదలుపెడదాం.