ట్యాంకర్ బిల్లుల గొడవను మినిట్స్‌లో ఎలా రాయాలి?

అనంతపురంలో ఎండాకాలం అపార్ట్‌మెంట్ మీటింగ్ అంటే బోరు, ట్యాంకర్లు, ఇంకేం ఉండదు. పోయినసారి మా మీటింగ్‌లో నేను రఫ్‌గా గిలికింది ఇదీ:

"బోరు మళ్లీ మొండికేసింది. కోశాధికారి గారు ట్యాంకర్ బిల్లులు చూపించనే లేదు. 302 ఆయన న్యాయంగానే నిలదీశారు. చివరికి బిల్లులు పెడతామని ఒప్పుకున్నారు. కొత్త మోటారు వేస్తున్నాం."

మినిట్స్ పుస్తకంలోకి ఇది ఇలాగే ఎక్కితే, వచ్చే మీటింగ్ నీళ్ల గురించి కాదు, నా రాత గురించి జరుగుతుంది.

ముందు నా తీర్పులు కొట్టేయాలి. "న్యాయంగానే", "మొండికేసింది" వెంటనే కంటపడతాయి. కంటపడనివి చిన్న మాటలు. "చూపించనే లేదు"లోని ఆ "నే" ఒక్కటే కోశాధికారి మీద ఫిర్యాదు. "చివరికి", "మాత్రమే" కూడా అంతే. క్రియల్లోనూ పక్షపాతం దాక్కుంటుంది: "ఒప్పుకున్నారు" అంటే తప్పు చేసినట్టు, "నిలదీశారు" అంటే ఎదుటివాళ్లు దొంగలైనట్టు. అడిగారు, కోరారు, తెలిపారు అనే మూడింటితో దాదాపు అన్నీ నడుస్తాయి.

కొట్టేసిన చోట తేదీలు, లెక్కలు పెట్టాలి. ఏ నెల బిల్లులు? ఎప్పటిలోగా? చేతులెత్తినవాళ్లు ఎంతమంది? ఒక్కరు వద్దన్నా "ఏకగ్రీవంగా" అని రాయకూడదు.

తర్వాత కాలం సంగతి. మన భాషలో "వేస్తారు" అంటే రేపు వేస్తారనీ కావచ్చు, ఎప్పుడూ వేస్తుంటారనీ కావచ్చు. పని రేపటిదైనా నిర్ణయం ఆ రోజే జరిగిపోయింది కాబట్టి "వేయించాలని తీర్మానించారు" అనాలి. "తీర్మానించడమైనది" అనే పాత పద్ధతీ తప్పు కాదు. కానీ "బిల్లులు అతికించబడును" అంటే అతికించేదెవరో తెలియకుండా పోతుంది, అదే చిక్కు.

పేర్లు చర్చలో అక్కర్లేదు. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు, బలపరచినవారు, తన వ్యతిరేకతను నమోదు చేయమని అడిగినవారు ఉంటే వాళ్లవి రాస్తే చాలు. పని అప్పగిస్తే హోదా రాయాలి.

ఇప్పుడు ఆ ముక్క ఇలా మారింది:

"బోరులో నీళ్లు తగ్గాయని కార్యదర్శి తెలిపారు. ఏప్రిల్, మే ట్యాంకర్ బిల్లులు సభలో అందుబాటులో లేవు. వాటిని చూపాలని సభ్యులు కోరారు. జూన్ 15లోగా కోశాధికారి వాటిని నోటీసు బోర్డులో పెట్టాలని తీర్మానించారు. కొత్త మోటారు వేయించాలని 14 మంది అనుకూలంగా, ముగ్గురు వ్యతిరేకంగా చేతులెత్తగా తీర్మానం ఆమోదం పొందింది."

బిల్లులు లేవన్న సంగతి పోలేదు, గమనించండి. తటస్థంగా రాయడమంటే ఇబ్బందికరమైన నిజాన్ని మింగేయడం కాదు. కొందరు పోట్లాట వద్దని ఆ వాక్యాన్నే ఎత్తేస్తారు. అదీ ఒకవైపు మొగ్గడమే.

పుస్తకంలో ఎక్కించే ముందు నేను దీన్ని 302 ఆయనకూ కోశాధికారికీ విడివిడిగా చూపించాను. ఇద్దరూ ఒక్కో మాట మార్చమన్నారు. సభలో జరిగినదాన్ని సరిగ్గా చెప్పే మాట ఒక్కటే మార్చాను. రెండోది "సభ్యులు గట్టిగా కోరారు" అని రాయమని.