వార్తలో ఆట మాట: ఎక్కడ అతుకుతుంది, ఎక్కడ ఊడిపోతుంది (సమస్య - పరిష్కారం)

ఎన్నికల వార్తకో ధరల వార్తకో ఆట మాట తగిలించడం తెలుగు డెస్కుల్లో రోజూ జరిగే పని. కొన్నిచోట్ల అది చక్కగా కూర్చుంటుంది. కొన్నిచోట్ల పంటి కింద రాయిలా తగులుతుంది. ఈ రెండు రకాల వార్తల్లో తరచూ కనిపించే లోపాలు, వాటి కారణాలు, పేజీ వెళ్లేలోపు చేయదగ్గ మరమ్మతులు ఇవి.

లక్షణం: శీర్షిక హుషారుగా ఉంది, కానీ వార్త తప్పుగా అర్థమవుతోంది

కారణం: ఆటలో నియమం ఒకటి, వార్తలో వాస్తవం ఇంకొకటి.

లోక్‌సభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు జరిగే శాసనసభ ఎన్నికలను ‘సెమీఫైనల్’ అనడం అలవాటైపోయింది. సెమీఫైనల్లో ఓడిన జట్టు ఇంటికి వెళ్తుంది. గెలిచిన జట్టే ఫైనల్ ఆడుతుంది. ఎన్నికల్లో ఈ రెండూ జరగవు. 2018 డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో బీజేపీ అధికారం కోల్పోయింది, కాంగ్రెస్ గెలిచింది. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో బీజేపీకి 303 సీట్లు వస్తే, ఆ ‘సెమీఫైనల్’ గెలిచిన కాంగ్రెస్‌కు 52 వచ్చాయి. అంటే ఆ మాట పాఠకుడికి లేని లెక్క ఒకటి నేర్పింది.

‘హ్యాట్రిక్’ సంగతి వేరు. అది చాలాసార్లు సరిగ్గా అతుకుతుంది. వరసగా మూడు బంతులకు మూడు వికెట్లు పడితేనే హ్యాట్రిక్, కాబట్టి వరస తప్పని మూడు గెలుపులకు ఆ మాట వాడొచ్చు. 2014, 2019, 2024 ఎన్నికల తర్వాత మోదీ మూడుసార్లూ ప్రధాని అయ్యారు, అక్కడ ఆ మాటలో తప్పేమీ లేదు. 2014లో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి కావడం కూడా మూడోసారే, కానీ మధ్యలో 2004, 2009 ఓటములున్నాయి. అది ‘మూడోసారి’ మాత్రమే, హ్యాట్రిక్ కాదు.

పరిష్కారం: ఆ మాట వాడే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ ఆటలో ఓడితే ఏమవుతుంది, ఈ వార్తలో ఓడితే ఏమవుతుంది? రెండు జవాబులూ కలవకపోతే పోలిక తీసేయాలి. సర్దుబాటు చేసి నిలబెట్టాలని చూస్తే వాక్యం ఇంకా బిగుసుకుపోతుంది.

లక్షణం: ఒక్కో వాక్యం బాగానే ఉంది, పేరా మాత్రం గందరగోళంగా ఉంది

కారణం: రెండు మూడు ఆటలు ఒకేచోట చేరాయి. దీన్ని ఒక ముసాయిదా మీద చూద్దాం. పురపాలక సంఘంలో అవిశ్వాస తీర్మానం వీగిపోయిన వార్త ఇలా వచ్చిందనుకోండి:

“అవిశ్వాస గోదాలో చైర్‌పర్సన్‌ను క్లీన్‌బౌల్డ్ చేసేందుకు ప్రతిపక్షం వేసిన ఎత్తులు పారలేదు. ఆఖరి ఓవర్లో ఇద్దరు సభ్యులు ముఖం చాటేయడంతో మ్యాచ్ చేజారింది.”

గోదా కుస్తీది, క్లీన్‌బౌల్డ్ క్రికెట్‌ది, ఎత్తు చదరంగానిది, ఆఖరి ఓవర్ మళ్లీ క్రికెట్‌ది. రెండు వాక్యాల్లో మూడు ఆటలు. అంతకంటే పెద్ద లోపం, ఎన్ని ఓట్లు కావాలి, ఎన్ని పడ్డాయి అన్నది ఎక్కడా లేదు.

ముందు ఆట మాటలన్నీ తీసేసి మిగిలిందేమిటో రాయాలి: “30 మంది సభ్యుల కౌన్సిల్లో తీర్మానం నెగ్గడానికి 20 ఓట్లు కావాలి. 18 పడ్డాయి. ప్రతిపక్ష సభ్యులు ఇద్దరు సమావేశానికి రాలేదు.” ఈ పేరా ఇలాగే అచ్చయినా వార్తకు లోటేమీ లేదు.

ఆ తర్వాత కూడా పోలిక కావాలనిపిస్తే, జరిగినదాని ఆకారం ఏ ఆటలో ఉందో వెతకాలి. ఎదుటివాళ్ల మీదికి వెళ్లారు, కొంత సాధించారు, కానీ చేరాల్సిన గీత చేరలేదు. ఇది కబడ్డీ. కూతకు వెళ్లినవాడు ఊపిరి ఆగేలోపు మధ్యగీత అందుకోవాలి, లేకపోతే వెళ్లిన శ్రమంతా వృథా. కాబట్టి శీర్షిక: “రెండు ఓట్ల దూరంలో ఆగిన కూత”. ఇందులో అంకె ఉంది, ఆట ఒకటే ఉంది, చదవగానే కళ్లకు కడుతుంది.

పోలిక అక్కడితో ఆగిపోవాలి. రాని ఇద్దరినీ రైడర్లనో డిఫెండర్లనో అనబోతే కథ చెడుతుంది. కబడ్డీలో సొంత జట్టు ఆటగాళ్లు మైదానానికి రాకుండా ఉండటం అనే ఘట్టం లేదు. శీర్షికలో పోలిక, లోపల మామూలు భాష: ఈ పంపకం దాదాపు ప్రతి వార్తకూ సరిపోతుంది.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ‘బరిలో ఉన్నారు’, ‘పట్టు బిగించారు’ లాంటివి అరిగి మామూలు మాటలైపోయాయి. చదివేటప్పుడు ఎవరికీ కుస్తీ గుర్తుకు రాదు, కాబట్టి వాటిని ఏరిపారేయనక్కర్లేదు. కానీ “బరిలో ఉన్న ముగ్గురిలో ఒకరు రనౌట్” అని రాస్తే నిద్రపోతున్న బరి లేచి కూర్చుంటుంది. వికెట్ల మధ్య పరుగెత్తేవాడు బరిలో ఏం చేస్తున్నాడన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు రెండింటిలో ఒకటి తీసేయాలి.

లక్షణం: జాతీయం తెలిసిందే, అయినా ఎక్కడో నలిగింది

కారణం: నామవాచకం ఒక ఆటది, క్రియ ఇంకోదానిది. పావులు కదుపుతారు, పాచికలు వేస్తారు. “పాచికలు కదిపారు”, “పావులు విసిరారు” అని రాస్తే ఆ ఆట ఆడినవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. గోదాలోకి దిగుతారు, కూతకు వెళ్తారు, ఎత్తుకు పైఎత్తు వేస్తారు. పారడం అసలు పాచికకు చెందినదే అయినా ‘ఎత్తులు పారలేదు’ వాడుకలో స్థిరపడింది, దాన్ని దిద్దడం అనవసరం.

పరిష్కారం: ఆట మాట వచ్చిన ప్రతిచోటా దాని క్రియను ఒకసారి పైకి చదవడం. చెవి పట్టేస్తుంది.

లక్షణం: “బంతి ఇప్పుడు గవర్నర్ కోర్టులో”

కారణం: ఇది ఇంగ్లిషు నుంచి మాటకు మాట తెచ్చుకున్నది. తెలుగు వార్తలో ‘కోర్టు’ అంటే ముందు న్యాయస్థానమే తడుతుంది. అదే బిల్లుపై హైకోర్టులో పిటిషన్ కూడా ఉంటే పాఠకుడు రెండుసార్లు చదవాలి.

పరిష్కారం: “ఇక తేల్చాల్సింది గవర్నరే.” పొట్టిగా ఉంటుంది, అనుమానానికి చోటుండదు.

లక్షణం: మొదటిసారి మెరిసింది, ఇప్పుడు పాతబడింది

2021లో పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటినప్పుడు ‘సెంచరీ’ బలంగా తగిలింది. అంకె కచ్చితంగా వంద, పైగా మైదానంలో చప్పట్లు కొట్టించే మాట జేబుకు చిల్లు పడినచోట వచ్చింది. ఆ తర్వాత టమాటాకూ అదే, ఉల్లికీ అదే, ఎనభైలో ఉన్న ధరకు ‘సెంచరీకి చేరువలో’ అనడం కూడా అదే అచ్చు. ఇప్పుడా మాట వందను మాత్రమే చెబుతోంది, ‘వంద దాటింది’ అంటే చాలు.

కొత్తదనం కావాలంటే వాస్తవానికి సరిగ్గా సరిపడే మాట వెతకాలి. కమిటీలో పేరుండి ఓటు హక్కు లేని సభ్యుణ్ని ‘ఆటలో అరటిపండు’ అంటే అది ఆయన స్థితికి కొలిచి కుట్టినట్టుంటుంది, ఎందుకంటే పిల్లల ఆటలో అరటిపండు ఆడతాడు గానీ లెక్కలోకి రాడు. ఓటు ఉండి మాట చెల్లనివాడికి అదే మాట వదులవుతుంది.

మృతుల సంఖ్యకు మాత్రం ఏ ఆట మాటా వద్దు. ప్రమాదంలో, వరదలో, వడగాడ్పుల్లో చనిపోయినవారు వంద దాటితే ‘వంద దాటారు’ అనే రాయాలి. అక్కడ ‘స్కోరు’, ‘సెంచరీ’ కనబడితే డెస్కులో ఎవరైనా సరే, అడగకుండానే కొట్టేయాలి.