ఒక అంచు వేడెక్కిన పలకలో ఉష్ణోగ్రత: చరరాశులను వేరుచేసి కనుక్కోవడం ఎలా?

రాయగడలో నా దగ్గర చదువుకునే ఇంజనీరింగ్ విద్యార్థుల్లో చాలామంది గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు ఇళ్ల పిల్లలు. ఈ లెక్కలో వాళ్లు దాదాపు ఒకే చోట ఆగిపోతారు. "మాస్టారూ, స్థిరాంకానికి ఏ గుర్తు పెట్టాలి?" అని అడుగుతారు. గుర్తును బట్టీ పట్టకూడదు. అది అంచుల దగ్గర పరిస్థితి నుంచే తేలుతుంది.

30 సెం.మీ. భుజంతో చదరపు అల్యూమినియం పలక ఉందనుకుందాం. ఎడమ, కుడి, కింది అంచులు 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిచి ఉన్నాయి. పై అంచు మూలల్లో 40, నడుమ 100 డిగ్రీలు ఉండి, మధ్యలో సైన్ వంపుగా మారుతోంది. పలక ముందు, వెనుక తలాల నుంచి వేడి బయటికి పోదు. కాలంతో ఏదీ మారదు. అప్పుడు పలక లోపల ఉష్ణోగ్రత ఎంత?

ముందుగా ప్రతి ఉష్ణోగ్రత నుంచి 40 తీసేసి, మిగిలినదాన్ని θ అనండి. వెడల్పు W, ఎత్తు H అయితే లెక్క ఇలా మారుతుంది:

```
∂²θ/∂x² + ∂²θ/∂y² = 0
θ(0,y) = 0,  θ(W,y) = 0,  θ(x,0) = 0
θ(x,H) = 60 sin(πx/W)
```

ఈ తీసివేతను తేలిగ్గా చూడకండి. ఎడమ అంచున 40 అలాగే ఉంటే X(0)Y(y) = 40 కావాలి, అంటే Y ఎక్కడా మారకూడదు. పద్ధతి మొదటి అడుగులోనే మూసుకుపోతుంది. అంచున సున్నా ఉంటే ఆ చిక్కు లేదు.

ఇప్పుడు θ = X(x)·Y(y) అని పెట్టి, సమీకరణాన్ని XYతో భాగించండి:

```
X''/X = −Y''/Y
```

ఎడమవైపు xకు, కుడివైపు yకి మాత్రమే చెందినవి. yని కదపకుండా xను మార్చితే కుడివైపు మారదు. కాబట్టి ఎడమవైపు కూడా మారకూడదు. రెండూ ఒకే స్థిరాంకం.

ఇక గుర్తు. X రెండు చివర్లా, x = 0 దగ్గరా x = W దగ్గరా, సున్నా కావాలి. స్థిరాంకం ధనాత్మకమైతే X హైపర్‌బోలిక్ సైన్ అవుతుంది. అది సున్నా దగ్గర బయలుదేరితే పెరుగుతూనే పోతుంది, మళ్లీ సున్నాకు రాదు. స్థిరాంకం సున్నా అయితే X సరళరేఖ, అదీ తిరిగి రాదు. రుణాత్మకంగా −λ² అనుకుంటేనే X = sin λx అవుతుంది, λ = nπ/W దగ్గర రెండో చివరా సున్నాకు చేరుతుంది. అప్పుడు Y'' = λ²Y. కింది అంచున సున్నా కావాలి కాబట్టి Y = sinh λy. వేడి అంచు పక్కకు మారితే x, y పాత్రలు కూడా మారతాయి. రెండు చివర్లా సున్నా ఉన్న దిశకే సైన్ దక్కుతుంది.

మిగిలింది పై అంచు. అక్కడ ఇచ్చిన వంపు n = 1 సైన్‌తో అచ్చంగా సరిపోతుంది కాబట్టి మిగతా పదాల గుణకాలన్నీ సున్నా. అనంత శ్రేణి అక్కర్లేకుండా ఒకే పదంతో జవాబు వస్తుంది:

```
T = 40 + 60 · sin(πx/W) · sinh(πy/W) / sinh(πH/W)
```

పై అంచు అంతటా 100 డిగ్రీలు ఇచ్చి ఉంటే ఈ సౌకర్యం ఉండదు. అప్పుడు ఫూరియర్ శ్రేణి వేయాలి.

పలక కేంద్రంలో x, y రెండూ 15 సెం.మీ. sinh(π/2) = 2.301, sinh(π) = 11.549, నిష్పత్తి 0.199. ఉష్ణోగ్రత 52 డిగ్రీలు. నడిమి గీత వెంట పై నుంచి కిందికి పావు వంతు చొప్పున దిగితే 100, 67.2, 52, 44.5, 40 వస్తాయి. మొదటి పావులోనే సగానికి పైగా తగ్గుదల జరిగిపోయింది. సగటు తీసి కేంద్రంలో 70 అనుకునేవాళ్లు పక్క అంచులు కూడా వేడిని లాగేస్తున్నాయని మరిచిపోతారు.

కేంద్రంలో 40.3 వచ్చిందా? క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉంది, రేడియన్లకు మార్చండి. లోపల ఎక్కడైనా 100 దాటినా, 40 కంటే తగ్గినా జవాబు తప్పు. వేడి పుట్టని పలకలో అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు అంచుల్లోనే ఉంటాయి.

సూత్రంలో ఉష్ణవాహకత కనిపించకపోవడం సరైనదే. అల్యూమినియం బదులు ఇనుము పెట్టినా ఇవే ఉష్ణోగ్రతలు. ఎంత వేడి ప్రవహిస్తుందన్న లెక్కకే వాహకత కావాలి. తలాలు 40 డిగ్రీల గాలికి తెరిచి ఉంటే మాత్రం లోహం పేరు, మందం, గాలి తీసుకుపోయే వేడి అన్నీ లెక్కలోకి వస్తాయి. Xలోని సైన్ అలాగే ఉంటుంది, sinh లోపలి π/W స్థానంలో దానికంటే పెద్ద సంఖ్య వస్తుంది, ఉష్ణోగ్రత ఇంకా త్వరగా పడిపోతుంది.