గోడ చెమ్మ: నేల నుంచా, పైపు నుంచా?

కింది అంతస్తు గోడ అడుగున పెయింటు ఊడిపోయి, తెల్లని ఉప్పు తేలేది. పుట్టీ, వాటర్‌ప్రూఫ్ పెయింటు నిలవలేదు.

ముందుగా రాత్రి కుళాయిలన్నీ మూసి, నీటి మీటరు అంకెలు రాసుకున్నాను. ఉదయానికీ అవి కదలకపోవడంతో సరఫరా పైపులో లీకు లేదని తేలింది. మురుగు పైపు లీకును మీటరు పట్టుకోలేదు కనుక, తూములో రంగునీళ్లు పోసి గమనించాను. గోడపై రంగు కనిపించలేదు, అయితే ప్లాస్టరు రంగును వడకట్టేయవచ్చు కాబట్టి దీనినొక్కదానినే నమ్మలేదు. నిర్ణయానికి తోడ్పడింది తడి ఆకారమే: లీకైతే ఒకచోట మచ్చగా ఉండేది, ఇదేమో గోడ పొడవునా దాదాపు ఒకే ఎత్తులో, నడుము లోపే ఆగింది. అంటే చెమ్మ నేల నుంచే పైకి పాకుతోందని అనుకున్నాను.

అందుకే తడి గీతకు ఒక అడుగు పైదాకా ప్లాస్టరు తీయించి, నేలకు దగ్గరగా ఇటుకల మధ్య సిమెంటు వరుసలో సుమారు 12 సెంటీమీటర్ల ఎడంతో రంధ్రాలు వేయించి, చెమ్మ పైకి పాకకుండా అడ్డుకునే సిలేన్ క్రీము నింపించాను. గోడ బాగా ఆరాకే కొత్త ప్లాస్టరు వేయించాను. మందపాటి రాతిగోడలకు ఇది పనిచేస్తుందని చెప్పలేను. మీటరు కదిలితే మాత్రం ఈ ఖర్చు అనవసరం, పైపు బాగుచేయించి గోడను ఆరనివ్వాలి.