"ఓకే" అన్నాక అవతలివాళ్లు ముభావమైతే: సమస్య - పరిష్కారం

సమస్య: మీరు మామూలుగానే "ఓకే" అని పెట్టారు. అవతలి నుంచి "ఏం, కోపమా?" అని వచ్చింది. లేదా అసలేమీ రాలేదు. రెండు రోజులయ్యాక ఇంకెవరో చెప్పారు, మీరు పొడిపొడిగా మాట్లాడుతున్నారని అనుకుంటున్నారట.

ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో ఇలాంటి తగవులు నా దగ్గరికి చాలానే వస్తుంటాయి. చుట్టాల్లో చాలామంది ఆంధ్రా వైపే ఉంటారు, మాటలన్నీ వాట్సాప్‌లోనే. ఇక్కడ ఒడియా బడిలో చదివినవాళ్లు తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అంత కష్టపడి కొట్టడం ఎందుకని రెండక్షరాలతో సరిపెడతారు.

ముందు సులువైనవి చూడండి. వరస కలిపారా? నోటితో అయితే "సరే పిన్నీ" అంటారు, "సరేనండీ" అంటారు. ఫోన్లో ఆ పిన్ని, ఆ అండీ రెండూ ఎగిరిపోతాయి. తర్వాత, మాట చివర చుక్క పెట్టారా? 2016లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో ఒక్క మాట జవాబు చివర ఫుల్‌స్టాప్ ఉంటే అంత మనస్ఫూర్తిగా అన్నట్టు లేదని చదివినవాళ్లకి అనిపించింది. అదే జవాబు చేత్తో రాసిన చీటీలో ఉంటే ఆ తేడా కనబడలేదు. కాబట్టి చుక్క తీసేయండి, వరస కలపండి. చాలా గొడవలు ఇక్కడే తీరిపోతాయి. అయినా ఎవరూ ఇది చూడరు, నేరుగా "వాళ్లకి అన్నీ పట్టింపులే" అంటారు.

ఇవి సరిచేసినా తగ్గలేదంటే అసలు దొంగ వేరే ఉన్నాడు: వచ్చిన మెసేజ్‌లో మూడు సంగతులుంటే మీ "ఓకే" ఒక్కదానికే జవాబైంది, అది దేనికో వాళ్లకి తెలియలేదు.

రాయగడలో ఉన్న మరిదికి పార్వతీపురం నుంచి వదిన ఇలా పెట్టిందనుకోండి:

"ఆదివారం మజ్జిగౌరమ్మ దర్శనానికి వద్దామనుకుంటున్నాం. మీ అన్నయ్యకి మోకాలు ఇంకా తగ్గలేదు, ఎక్కువ నడవలేరు. గుడి నుంచి మధ్యాహ్నం మీ ఇంటికి వస్తే ఇబ్బంది అవుతుందా?"

మరిది "ఓకే" అన్నాడు. రమ్మన్నట్టే అని అతని లెక్క. వదిన మాత్రం చివరి వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని చదువుతుంది. "ఇబ్బంది అవుతుందా?" అన్నదానికి "ఓకే" అంటే ఏమిటి? అవుతుందనా, అవ్వదనా? మోకాలి సంగతి పట్టించుకోనే లేదు. శనివారం ఆమె ఇలా పెడుతుంది: "మేం గుడి దగ్గరే ఏదో తినేసి వెనక్కి వెళ్లిపోతాంలే." ఆ "లే" కనిపించిందంటే జబ్బు ఇదేనని నిర్ధారించుకోవచ్చు. మరిది ఏమో వాళ్లే రావట్లేదని నొచ్చుకుంటాడు.

సరిచేయడం ఎలాగంటే, మెసేజ్‌ని కింద నుంచి పైకి చదవండి. చివరనున్న ప్రశ్నకి ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే అడగడానికి మొహమాటపడింది అక్కడే. ఆ తర్వాత వాళ్లు బాధగా చెప్పిన దాన్ని వాళ్ల మాటతోనే ఎత్తుకోవాలి. ఆఖరున మీరు చేయబోయే పని ఒకటి చెప్పాలి.

"ఇబ్బందేంటి వదినా, భోజనం మా ఇంట్లోనే. అన్నయ్య మోకాలికి డాక్టరు ఏమన్నారు? రైలు దిగే టైము చెప్పండి, ఆటో మాట్లాడి ఉంచుతాను."

దీనికి అర నిమిషం పడుతుంది. ఇందులో పొగడ్త లేదు, బొమ్మలు లేవు. చాలామంది ఇక్కడ "ఓకే" పక్కన నవ్వు బొమ్మో బొటనవేలో పెట్టి చేతులు దులుపుకుంటారు. ఇబ్బందా అన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది. మరీ తీరిక లేకపోతే "రండి వదినా, మిగతాది సాయంత్రం ఫోన్ చేసి మాట్లాడతా" అనండి. కానీ సాయంత్రం ఫోన్ చేయాలి మరి.

"ఫైన్"ది కూడా ఇదే దారి. ఎలా ఉన్నారని పిన్ని అడిగితే "ఫైన్" అనడం తలుపు వేసినట్టుంటుంది. "బాగున్నాం పిన్నీ, చిన్నాడికే కాస్త జలుబు. బాబాయి బీపీ ఎలా ఉంది?" అంటే ఆమెకి మాట్లాడ్డానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

అరుదైన కారణాలు కొన్ని ఉన్నాయి. ఒడియా అలవాటులో సరే అనడానికి "హౌ" అని పెడితే అవతలివాళ్లు తికమకపడటం, నెట్ లేక జవాబు ఆలస్యంగా చేరడం వంటివి. వీటి గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆటో అతను "గేటు దగ్గరున్నా" అంటే "ఓకే" చాలు. అక్కడ వరసలు కలిపితే అతనే కంగారుపడతాడు.

"ఓకే" ఇప్పటికే వెళ్లిపోయి, అవతల మౌనం మొదలైతే "నేను అలా అనలేదు, మీరు తప్పుగా అర్థం చేసుకున్నారు" అని మాత్రం పెట్టకండి. అది ఇంకో తగవు. పాత మెసేజ్ తెరిచి, జవాబు చెప్పకుండా మిగిలిపోయిన ప్రశ్నని పట్టుకోండి: "వదినా, భోజనం సంగతి చెప్పనేలేదు కదా, మా ఇంట్లోనే. అన్నయ్య ఇప్పుడు మెట్లు ఎక్కగలుగుతున్నారా?"