మాట చెప్పడం నేర్చుకుందాం – 4: ఎప్పుడూ లేటుగా వచ్చే స్నేహితుడితో

పోయిన పాఠంలో "ఎదుటివాళ్లను నిందించకండి, మీకేమనిపించిందో చెప్పండి" అని రాసి వదిలేశాను. అది నా తప్పే. మీరు రాసి పంపిన వాక్యాల్లో సగానికి పైగా, నిందను నిందలాగే ఉంచి చివర "అనిపిస్తోంది" తగిలించినవే. "నేనంటే నీకు లెక్కలేదనిపిస్తోంది" అంటే స్నేహితుడి చెవికి "అనిపిస్తోంది" చేరదు, "లెక్కలేదు" ఒక్కటే చేరుతుంది. అతని మనసులో ఏముందో మీరే తీర్పు చెప్పేశారు కాబట్టి "ఛ, అలా ఎందుకనుకుంటావురా" అని కొట్టిపారేస్తాడు. అక్కడితో మాట అయిపోతుంది.

ఎలా పట్టుకోవాలంటే, వాక్యంలోంచి "అనిపిస్తోంది" తీసేసి చదవండి. మిగిలింది అతని గుణం గురించైతే అది నిందే. "నీకోసం ఒక్కడినే కూర్చున్నంతసేపూ చిన్నతనంగా అనిపించింది" అన్నదాంట్లోంచి తీసేసినా మిగిలేది మీ సంగతే. దాన్ని కాదనడానికి అతనికేం లేదు.

"చిన్నతనం" అన్న మాట కావాలనే వాడాను. "ఇబ్బంది" అంటే "సారీ మామా" అని ఒక్క ముక్కలో తీర్చేస్తాడు. "అవమానం" అంటే పెద్ద గొడవ పెట్టుకున్నట్టు ఉంటుంది. మీకు వేరే మాట నచ్చితే వాడుకోండి, నేను మాత్రం దీన్నే వాడతాను.

వచ్చీ రాగానే అనకండి. ఫోన్లో మెసేజ్ పెట్టకండి. వీటిని వివరించక్కర్లేదనుకుంటాను.

ఇక నాకు చిరాకు తెప్పించే అసలు గుంట, ట్రాఫిక్. ఒక పాఠకుడికి జరిగింది చూడండి. ఈయన ఉండేది దిల్‌సుఖ్‌నగర్, స్నేహితుడిది కూకట్‌పల్లి. శనివారం ఆరింటికి అమీర్‌పేటలో ఒక చాయ్ హోటల్లో కలుద్దామనుకున్నారు. ఆరూ పదికి ఫోన్ చేస్తే "బయల్దేరా మామా, పది నిమిషాలు" అన్నాడు. వచ్చింది ఏడింటికి పది నిమిషాలు తక్కువలో. అప్పటికి ఈయన రెండు చాయ్‌లు తాగేసి, టేబుల్ కోసం నిలబడ్డవాళ్ల చూపులు తప్పించుకుంటూ కూర్చున్నాడు. చివరికి నోరు తెరిస్తే అవతలి నుంచి వచ్చిన జవాబు "ట్రాఫిక్ మామా, నీకు తెలీనిదేముంది?"

ఇక్కడే ఈయన జారాడు. "మెట్రోలో రావచ్చుగా? కూకట్‌పల్లి నుంచి ఒకటే లైను, నేనూ అదే లైన్లో అటునుంచి వచ్చా" అన్నాడు. అక్షరాలా నిజం. కానీ ఆ తర్వాత ఇరవై నిమిషాలు వాళ్లు మాట్లాడుకుంది మెట్రో గురించే. స్టేషన్ దాకా నడక, బండి పెట్టడానికి చోటు, శనివారం రద్దీ. చిన్నతనం సంగతి గాలికి పోయింది. "ఆఫీసు క్యాబ్‌కి మాత్రం టైముకే దిగుతావు కదా" అనేది కూడా ఇలాంటిదే. కారణం మీద వాదించారంటే, సరైన కారణం ఉంటే మిమ్మల్ని కూర్చోబెట్టినా ఫర్వాలేదని ఒప్పుకున్నట్టే. వాదనలో గెలిచినా అంతే. వచ్చే వారం ఇంకో కారణంతో వస్తాడు, ఈ ఊళ్లో కారణాలకు కొరతా?

కాబట్టి ట్రాఫిక్‌ను ఒప్పుకోనూ వద్దు, కాదనీ అనొద్దు. పక్కన పెట్టండి. "ట్రాఫిక్ ఉండే ఉంటుంది మామా. నేననేది ఆ యాభై నిమిషాల గురించి." మళ్లీ ట్రాఫిక్ అంటే మళ్లీ అదే వాక్యం, అదే గొంతుతో.

ఆ తర్వాత గుచ్చుకున్న చోటు చూపించండి. ఈయన విషయంలో అది లేటు కాదు, "పది నిమిషాలు" అన్న మాట. ఆ మాట నమ్మి ఈయన తినడానికి ఏమీ చెప్పలేదు, పక్కనే ఉన్న పని చూసుకు రాలేదు, కుర్చీకి కట్టేసినట్టు ఉండిపోయాడు. నేనైతే ఇలా అంటాను: "బయల్దేరకపోతే బయల్దేరలేదనే చెప్పు, నేనేమీ అనుకోను. వస్తున్నానని నువ్వంటే నమ్మి కూర్చుంటున్నా, అక్కడే నాకు చిన్నతనంగా ఉంటోంది." ట్రాఫిక్ అతని చేతిలో లేకపోవచ్చు గానీ, ఫోన్లో నిజం చెప్పడం అతని చేతిలోనే ఉంది. అడిగితే ఇదే అడగాలి.

"ఇకపై పావుగంటే ఆగుతా" అనడం నిజంగా లేచి వెళ్లిపోయేవాళ్లకే. నేను వెళ్లలేను, అందుకే అనను.

ఈసారి అభ్యాసం కొంచెం కష్టం. మీ వాక్యం రాసుకుని, ఇంట్లో ఎవరినైనా స్నేహితుడిలా కూర్చోబెట్టండి. మీరేమన్నా వాళ్లు "ట్రాఫిక్" అనే అనాలి, పదిసార్లు. పదిసార్లూ రోడ్డు పేరు గానీ, మెట్రో గానీ, గూగుల్ మ్యాప్ గానీ మీ నోట రాకూడదు. వచ్చిందా, ఒకటి నుంచి మళ్లీ మొదలు. నాకు మొదటిసారి నాలుగో దగ్గరే పంజాగుట్ట ఫ్లైఓవర్ వచ్చేసింది.