నలభై మెయిళ్ల థ్రెడ్‌ను ఎండీగారికి అర పేజీలో ఎలా అందించాలి?

పేరోల్ సాఫ్ట్‌వేర్ మార్పు గురించి హెచ్‌ఆర్, అకౌంట్స్, ఐటీ విభాగాలకూ వెండర్‌కూ నడుమ 12 రోజులపాటు సాగిన 43 మెయిళ్ల థ్రెడ్‌ను ఎండీగారికి సారాంశంగా పంపాల్సి వచ్చిందనుకుందాం. ఆయన దాన్ని రెండు సమావేశాల మధ్య ఫోన్‌లో చూస్తారు. కనుక తాను ఏం తేల్చాలి, ఇప్పటికే ఏం తేలింది, ఎవరు ఏ తేదీకి ఏ పని చేస్తున్నారు అన్న మూడు సంగతులూ తెరను కిందికి జరపకముందే ఆయనకు కనబడాలి. చర్చ ఎలా నడిచిందన్నది వాటి కిందికి పోవలసిన విషయం.

మొదట చివరి మెయిల్‌ను ఒకసారి చూసి వ్యవహారం ఎక్కడుందో గ్రహించి, ఆ తర్వాత మొదటి మెయిల్ నుంచి తేదీల వరుసలో చదవాలి. తర్వాత వచ్చిన మెయిల్‌లో ఉన్నదే తాజా మాట అని నమ్ముకుంటే ఏమవుతుందో చూడండి. 31వ మెయిల్‌లో ఆర్థిక విభాగాధిపతి ‘అక్టోబరు 1 నుంచి కొత్తదానికి మారుతున్నాం’ అని రాశారు. 34వ మెయిల్‌లో వెండర్ మాత్రం నవంబరు 1 అంటున్నారు. నిజానికి ఆయన 22వ మెయిల్‌కు బదులిచ్చారు. 31వ మెయిల్ సీసీలో ఆయన పేరు లేదు కాబట్టి మారిన తేదీ ఆయనకు తెలియనే తెలియదు. అందుకే తేదీతోపాటు ‘ఎవరికి’, ‘సీసీ’ వరుసలను కూడా చదవాలి. సబ్జెక్ట్ మార్చినా, మెయిళ్లు 100 దాటినా జీమెయిల్ దాన్ని వేరే థ్రెడ్‌గా విడదీస్తుంది కనుక, విడిపోయిన ముక్కలేమైనా ఉన్నాయేమో వెతికి చూసుకోవడం మంచిది.

చదువుతున్నప్పుడే నిర్ణయంలా కనిపించిన ప్రతి వాక్యాన్నీ మెయిల్ సంఖ్యతో, రాసినవారి హోదాతో పక్కన రాసుకోవాలి. రాసినవారికి ఆ విషయం తేల్చే అధికారం ఉండి, మాట ఖరాఖండిగా ఉండి, ఆ తర్వాత ఎవరూ దాన్ని మార్చకపోతేనే అది నిర్ణయం. ‘సరే, చూద్దాం’, ‘నాకైతే అభ్యంతరం లేదు’ అన్న మాటలు మన ఆఫీసుల్లో నిర్ణయాలుగా చెలామణి అవుతుంటాయి గానీ, వాటిని ఆ పేరుతో పైకి పంపకూడదు. ఎవరూ బదులివ్వకపోవడం కూడా అంగీకారం కాదు. అనుమానం ఉన్నచోట ఫోన్ చేసి, ‘మీరు రాసినదాన్ని నిర్ణయంగా పెట్టవచ్చాండీ?’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

అంకెల దగ్గర మరింత నిదానం అవసరం. ఈ థ్రెడ్‌లో తొలి కొటేషన్ 14.5 లక్షల రూపాయలు, సవరించినది 12.8 లక్షలు. ‘1.7 లక్షలు తగ్గింది’ అని ముగ్గురు సంతోషంగా రాశారు. అటాచ్‌మెంట్లు రెండూ పక్కపక్కన తెరిచి చూస్తే, మొదటిదాంట్లో కలిసి ఉన్న సిబ్బంది శిక్షణను రెండోదాంట్లో తీసేసి, విడిగా 1.5 లక్షలు వేశారు. అంటే మొత్తం 14.3 లక్షలు, నిజంగా తగ్గింది 20 వేలే. మెయిల్‌లో రాసిన అంకెను కాక, అటాచ్‌మెంట్‌లోని అంకెనే సారాంశంలోకి తీసుకోవాలి.

ఇక సారాంశం పైభాగం ఇలా ఉంటుంది:

మీరు తేల్చవలసినది: శిక్షణకు అదనంగా 1.5 లక్షల రూపాయల ఆమోదం. సెప్టెంబరు 12లోగా రాకపోతే అక్టోబరు 1 నాటికి మార్పు సాధ్యం కాదని హెచ్‌ఆర్ అంటోంది (మెయిల్ 40).

తేలినవి: కొత్త పేరోల్ అక్టోబరు 1 నుంచి (మెయిల్ 31, ఆర్థిక విభాగాధిపతి). శిక్షణ కాకుండా ఖర్చు 12.8 లక్షలు (మెయిల్ 37, ఆర్థిక విభాగాధిపతి).

పనులు: వెండర్‌కు అక్టోబరు 1 తేదీని తెలపడం: హెచ్‌ఆర్ మేనేజర్, సెప్టెంబరు 9. పాత జీతాల డేటా అప్పగించడం: ఐటీ మేనేజర్, సెప్టెంబరు 18. మొదటి నెల లెక్కలను పాతవాటితో సరిచూడడం: బాధ్యులు తేలలేదు.

ప్రతి పనికీ ఒకే వ్యక్తి ఉండాలి. ‘ఐటీ టీమ్’ అని రాస్తే ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. థ్రెడ్‌లో ఎవరూ ఒప్పుకోని పనికి మనమే ఒకరి పేరు తగిలించకూడదు. పైన చివరి పనికి చేసినట్టు ఖాళీని ఖాళీగానే చూపిస్తే, ఆ పేరు ఎండీగారే చెబుతారు.

దీని కింద నేపథ్యం నాలుగైదు వాక్యాలు చాలు. ఎవరైనా గట్టిగా అభ్యంతరం చెప్పి ఉంటే, అది నెగ్గకపోయినా ఒక వాక్యంలో ఉండాలి. దాన్ని వదిలేస్తే సారాంశం ఒక పక్షానికి వకాలతు అవుతుంది.

పంపేముందు, పనుల జాబితాలో ఉన్నవారికి వారి వాక్యాన్ని చూపించి సరేననిపించుకోవాలి. సారాంశాన్ని పాత థ్రెడ్ మీద ‘రిప్లై ఆల్’గా కాక, కొత్త మెయిల్‌గా పంపడమే మేలు. ఈ థ్రెడ్‌లోనైతే వెండర్ ధర గురించి అకౌంట్స్‌వారు తమలో తాము రాసుకున్న మాటలు 27వ మెయిల్ అడుగున ఇంకా అలాగే ఉన్నాయి.